ప్రకటనల ఖర్చూ అమ్మకాలూ: స్కాటర్ ప్లాట్ మీద గీత చెప్పేదీ, చెప్పనిదీ

అడిగినది: బరంపురంలో మాకు చీరల దుకాణం ఉంది. మైకు ఆటోలు, కరపత్రాలు, కొంచెం లోకల్ కేబుల్ టీవీ, ఇవే మా ప్రకటనలు. మా మేనల్లుడు ఏడాది లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించి స్కాటర్ ప్లాట్ గీశాడు. CORREL 0.93 వచ్చింది. ట్రెండ్ లైన్ y = 0.2643x + 3.7143. అంటే వెయ్యి రూపాయల ప్రకటనకి 26 వేల అమ్మకం వస్తోందనీ, నెలకి 80 వేలు పెడితే అమ్మకం 25 లక్షలకి చేరుతుందనీ అంటున్నాడు. పెట్టమంటారా? ఏప్రిల్, మే, జూన్, అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి మాకు సీజను. ప్రకటన వేలల్లో, అమ్మకం లక్షల్లో రాశాను.

```
నెల          ప్రకటన   అమ్మకం
ఏప్రిల్        26      12
మే            32      13
జూన్          28      11.5
జులై           8       6
ఆగస్టు        12       6
సెప్టెంబరు      6       6
అక్టోబరు       40      12.5
నవంబరు       30      11
డిసెంబరు      10       6.5
జనవరి        14       6.5
ఫిబ్రవరి       24      12
మార్చి        10       5
```

సమాధానం:

ఇప్పుడే పెట్టొద్దండి. ముందుగా ఒక మాట: మీ మేనల్లుడు లెక్క ఎక్కడా తప్పు వేయలేదు. మీ అంకెలు నేనూ వేసి చూశాను, అదే గీత వచ్చింది, గీత చుక్కలకి ఎంత బాగా కుదిరిందో చెప్పే R² కూడా 0.8731 వచ్చింది. చిక్కంతా ఆ గీతని ఎలా చదవాలన్న దగ్గర ఉంది. పట్టిక మొత్తం పెట్టారు కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను.

ట్రెండ్ లైన్ చేసే పని చాలా చిన్నది. పన్నెండు చుక్కల్లో ప్రతి దాని నుంచీ గీతకి నిలువుగా ఎంత దూరముందో కొలిచి, ఆ దూరాల వర్గాల మొత్తం అన్నిటికంటే తక్కువగా ఉండేలా ఒక గీత గీస్తుంది. అంతే. ఏది ముందు జరిగిందో, ఎవరు ఎందుకు అంత ఖర్చు పెట్టారో దానికి తెలియదు. కాబట్టి 0.2643 అన్న వాలు చెప్పేది ఇదొక్కటే: మీరు ప్రకటనకి వెయ్యి ఎక్కువ పెట్టిన నెలల్లో అమ్మకం సగటున 26 వేలు ఎక్కువగా ఉంది. అది ఒక నెలని వేరే నెలతో పోలుస్తోంది, అక్టోబరుని సెప్టెంబరుతో, మేని జులైతో. మీరు తెలుసుకోవాలనుకున్నది మాత్రం వేరు. అదే అక్టోబరులో, అదే దసరాకి, 40 వేలకి బదులు 50 వేలు పెట్టి ఉంటే ఎంత ఎక్కువ అమ్మేవాళ్ళం అన్నది మీ ప్రశ్న. ఆ రెండో అక్టోబరు మీ పట్టికలో లేదు.

ఇప్పుడు ఒకసారి ఆలోచించండి, అక్టోబరుకి 40 వేలనీ, సెప్టెంబరుకి 6 వేలనీ ఎవరు నిర్ణయించారు? మీరే. దసరా, దీపావళి వస్తున్నాయని తెలుసు కాబట్టి మైకు ఆటోలు ఎక్కువ మాట్లాడుకున్నారు. భాద్రపదంలో ఎవరూ పట్టుచీర కొనరని తెలుసు కాబట్టి చేయి బిగబట్టారు. అంటే అమ్మకం పెరుగుతుందన్న అంచనా ముందు వచ్చింది, ప్రకటన ఖర్చు దాని వెనక వచ్చింది. పండగలూ ముహూర్తాలూ అమ్మకాన్ని పెంచాయి, అవే మీ ఖర్చునీ పెంచాయి. అలాంటప్పుడు ప్రకటన వల్ల ఒక్క చీర కూడా ఎక్కువ అమ్ముడుపోకపోయినా, ఆ రెండు అంకెలూ కలిసి పైకి వెళ్తాయి, కలిసి కిందికి వస్తాయి. CORREL 0.93 అన్నది ఆ కలిసి నడవడానికి కొలత. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో అందులో లేదు.

ఇది ఊరికే అనుమానం కాదు, మీ పట్టికలోనే చూడవచ్చు. ఎక్సెల్‌లో A నెల, B ప్రకటన, C లో సీజను అయితే 1, కాకపోతే 0, D అమ్మకం అని పెట్టుకోండి. తర్వాత E, F కాలమ్‌లలో ఈ రెండు ఫార్ములాలు రాసి కిందికి లాగండి:

```
E2:  =IF(C2=1,D2,NA())
F2:  =IF(C2=0,D2,NA())
```

B, E, F కాలమ్‌లు ఎంచుకుని మళ్ళీ స్కాటర్ ప్లాట్ గీయమనండి. సీజను నెలలు ఒక రంగులో, మిగతావి ఇంకో రంగులో వస్తాయి. #N/A ఉన్న గళ్ళని ఎక్సెల్ గీయదు, కంగారు పడకండి. ఇప్పుడు ఒక్కో రంగు చుక్క మీద రైట్ క్లిక్ చేసి Add Trendline, Linear ఎంచుకుని, Display Equation on chart, Display R-squared value on chart అన్న రెండిటికీ టిక్ పెట్టండి.

చూడగానే మీకు అర్థమవుతుంది. చుక్కలు ఒక వరసలో లేవు, రెండు గుంపులుగా విడిపోయి ఉన్నాయి. కింద ఎడమవైపు ఆరు మామూలు నెలలు: ప్రకటన సగటు 10 వేలు, అమ్మకం సగటు 6 లక్షలు. పైన కుడివైపు ఆరు సీజను నెలలు: ప్రకటన సగటు 30 వేలు, అమ్మకం 12 లక్షలు. నడుమ, 14 వేలకీ 24 వేలకీ మధ్య, ఒక్క చుక్క కూడా లేదు. మీ మేనల్లుడు గీసిన నిటారు గీత నిజానికి ఈ రెండు గుంపులనీ కలిపే గీత. ఏ గుంపు లోపల చూసినా చుక్కలు అంత నిటారుగా ఎక్కడం లేదు. సీజను గుంపు గీత y = 0.05x + 10.5, R² 0.16. మామూలు నెలల గీత y = 0.05x + 5.5, R² 0.07 కూడా లేదు. రెండింటికీ ఒకే వాలు రావడం ఈ పట్టికలో కలిసొచ్చిందంతే, మీ వచ్చే ఏడాది అంకెలకి అలా కుదరకపోవచ్చు.

వెయ్యికి 26 వేలు అనుకున్నది వెయ్యికి 5 వేలైంది. సీజను నెలకీ మామూలు నెలకీ అమ్మకంలో తేడా 6 లక్షలు. అందులో ప్రకటన వాటా 20 వేల అదనపు ఖర్చుకి 0.05 చొప్పున ఒక లక్ష. మిగతా 5 లక్షలు పెళ్ళిళ్ళూ పండగలూ తెచ్చినవి. మీరు ప్రకటన ఇవ్వకపోయినా పెళ్ళివారు చీరలు కొనక తప్పదు కదా.

ఈ తేడా మీ జేబుకి ఎలా తగులుతుందో చెబుతాను. చీరల మీద మీకు నూటికి ఎంత మిగులుతుందో మీకే తెలుసు, లెక్క కోసం 20 అనుకుందాం. వెయ్యి ప్రకటనకి 26 వేల అమ్మకం వస్తే 5,200 మిగులుతుంది, వెయ్యి పోగా 4,200 లాభం. అది నిజమైతే ఎవరైనా అప్పు చేసి మరీ ప్రకటనలు ఇస్తారు. అదే వెయ్యికి 5 వేల అమ్మకమైతే మిగిలేది వెయ్యి. పెట్టింది పెట్టినట్టు తిరిగి వచ్చింది, లాభం లేదు. ఒకే పట్టిక నుంచి వచ్చిన రెండు వాలులు ఇవి. ఒకటి ఖర్చు రెట్టింపు చేయమంటుంది, ఇంకొకటి ఆగి చూడమంటుంది.

అయితే ఆ 5 వేలని కూడా ఖాయం అనుకోకండి. రెండు గుంపులనీ కలిపి ఒకేసారి లెక్క వేయడానికి ఈ ఫార్ములా ఉంది:

```
=LINEST(D2:D13,B2:C13,TRUE,TRUE)
```

మొదటి వరసలో 5, 0.05, 5.5 వస్తాయి. LINEST కాలమ్‌లని వెనక నుంచి ముందుకి చూపిస్తుంది, కాబట్టి 5 అన్నది సీజనుది, 0.05 ప్రకటనది. దీన్ని తిరగేసి చదివి ప్రకటనకి 5 అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, జాగ్రత్త. రెండో వరసలో 0.05 కింద దాదాపు 0.044 కనిపిస్తుంది. అది ఆ అంచనా ఎంత ఊగవచ్చో చెప్పే అంకె. పన్నెండు నెలల లెక్కకి దాన్ని సుమారు రెండుంపావుతో హెచ్చించి అటూ ఇటూ వేస్తే, వెయ్యికి 5 వేల నష్టం నుంచి 15 వేల లాభం దాకా ఎక్కడైనా ఉండవచ్చని తేలుతుంది. ఇక్కడ లాభనష్టాలంటే అమ్మకంలో పెరుగుదల, తగ్గుదల. అంటే ప్రకటన బాగా పనిచేస్తోందనీ, అసలు పనిచేయడం లేదనీ చెప్పే రెండు వాదనలకీ ఈ పన్నెండు నెలలు ఒప్పుకుంటాయి. అంకెలు అలా చూసినా తెలుస్తుంది: నవంబరులో 30 వేలు పెట్టి 11 లక్షలు అమ్మారు, ఫిబ్రవరిలో 24 వేలే పెట్టి 12 లక్షలు అమ్మారు.

80 వేల సంగతి. మీ పట్టికలో అన్నిటికంటే పెద్ద ఖర్చు 40 వేలు. దాని తర్వాత కాగితం ఖాళీ. ఎక్సెల్ గీతని ఎంత దూరమైనా పొడిగిస్తుంది, కానీ అక్కడ ఏం జరిగిందో చెప్పే చుక్క ఒక్కటీ లేదు. సీజను గుంపు గీతనే పొడిగించినా 80 వేలకి 14.5 లక్షలే వస్తాయి, 25 కాదు. అది కూడా ఎక్కువ అంచనాయే అని నా ఉద్దేశం. మొదటి రెండు ఆటోలు గాంధీనగర్, లంజిపల్లి, బడా బజార్ తిరిగేస్తాయి. మూడోదీ నాలుగోదీ అవే వీధుల్లో, అప్పటికే విన్నవాళ్ళ చెవుల్లోనే మళ్ళీ అరుస్తాయి.

సీజను ఏదో మీరే ముందుగా చెప్పడం మంచిదైంది. ఇక్కడ చాలామంది జారిపోతారు. జనవరిని చూడండి. సంక్రాంతి ఉంది కదా, సీజనులో వేయాలా అన్న సందేహం వస్తుంది. పుష్యంలో పెళ్ళిళ్ళు ఉండవు, అమ్మకమూ 6.5 దగ్గరే ఉంది, కాబట్టి మామూలు నెల అనేయాలనిపిస్తుంది. కానీ అమ్మకం చూసి నెలని గుంపులో వేస్తే లెక్క పాడవుతుంది. మీకు కావలసిన జవాబుని బట్టి గుంపులు తయారవుతాయి. పంచాంగం ముందు పెట్టుకుని, అమ్మకాల పుస్తకం మూసేసి, ముహూర్తాలున్న నెలలేవో, దసరా దీపావళి ఎప్పుడో, రజో సంక్రాంతి ఎప్పుడో రాసుకోవాలి. ఇంకా మేలైన పని 1, 0 బదులు ఆ నెలలో ఎన్ని పెళ్ళి ముహూర్తాలున్నాయో ఆ అంకె వేయడం. ఒడియావాళ్ళ పంజికలో తేదీలు మన పంచాంగంతో అన్నిసార్లూ కలవవు. మీ బేరం సగం వాళ్ళతోనైతే రెండూ చూడాలి.

పంచాంగం అన్నాను కాబట్టి, పాత ఏళ్ళ పుస్తకాలు ఉంటే ఒక మంచి పరీక్ష ఉంది. శుక్ర మూఢమో గురు మూఢమో ఏటా ఒకే నెలలో రాదు. ఒక ఏడాది మే నెలంతా మూఢంలో పోతుంది, ఇంకో ఏడాది మే నిండా ముహూర్తాలే. ప్రకటన ఖర్చు ఇంచుమించు ఒకేలా ఉన్న అలాంటి రెండు మే నెలలు దొరికితే పక్కపక్కన పెట్టండి. నెల ఒకటే, ఎండ ఒకటే, సెలవులు ఒకటే, ప్రకటనా ఒకటే. మారింది ముహూర్తాలు. మూఢం మేలో అమ్మకం పడిపోయి ఉంటే, అమ్మకాన్ని ఎక్కువగా లాగుతున్నది ఏదో అక్కడ కనిపిస్తుంది. ప్రకటన అసలు పనిచేయదని దీనివల్ల తేలదు, అది వేరే ప్రశ్న. కానీ 26 వేల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తేలుతుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఖర్చూ అమ్మకమూ కలిసి నడవనంత మాత్రాన ప్రకటన దండగ అని కూడా అనలేం. ఆషాఢంలో అమ్మకాలు పడిపోతాయని తెలిసి, ఆ నెలలోనే తగ్గింపు ధరలు పెట్టి మైకు మోగించే దుకాణాలు ఉన్నాయి. వాళ్ళు స్కాటర్ ప్లాట్ గీస్తే గీత కిందికి వాలుతుంది, ఎక్కువ ఖర్చు పెట్టిన నెలల్లో అమ్మకం తక్కువ అని చూపిస్తుంది. అది చూసి ప్రకటన మానేస్తే ఆషాఢం ఇంకా అడుగంటుతుంది. మీ దగ్గర సీజను గీతని పైకి లేపింది, వాళ్ళ దగ్గర అదే సీజను గీతని కిందికి లాగింది.

పెద్ద కంపెనీలు కూడా ఈ లెక్కలోనే పొరబడతాయి. 2012లో ఈబే కంపెనీలో పనిచేసిన ఆర్థికవేత్తలు, సెర్చ్‌లో 'eBay' అన్న పేరు కొట్టినవాళ్ళకి కనిపించే ప్రకటనలు కొన్ని చోట్ల ఆపి చూశారు. ఆ ప్రకటనలు నొక్కి వచ్చేవాళ్ళలో దాదాపు అందరూ కింద ఉన్న మామూలు లింకు నొక్కి వచ్చేశారు. అప్పటిదాకా ఆ అమ్మకాలన్నీ ప్రకటన ఖాతాలో పడుతున్నాయి. ఆపి చూస్తే గానీ ఎవరు ఎలాగూ వచ్చేవాళ్ళో తెలియలేదు. మీ దగ్గరా అంతే. బిల్లు దగ్గర 'మా ప్రకటన విన్నారా' అని అడిగితే చాలామంది విన్నామనే అంటారు. వినకపోయినా వచ్చేవారా అన్నది వాళ్ళకీ తెలియదు.

కాబట్టి మీరూ కొన్ని చోట్ల ఆపి చూడాలి. మైకు ఆటో, కరపత్రం ఊరి వారీగా పంపించగలిగేవి కాబట్టి మీకు ఇది సులువు. బరంపురం చుట్టుపక్కల నుంచి మీ దగ్గరికి వచ్చే ఊళ్ళని జంటలుగా రాయండి. చికిటి, పాత్రపురం ఒక జంట. దిగపహండి, హింజిలి ఒకటి. ఛత్రపురం, గోపాలపురం ఒకటి. ఆంధ్రా వైపు ఇచ్ఛాపురం, కవిటి ఒకటి. ఏ ఊరు ఏ ఊరికి జంటో నాకంటే మీకు బాగా తెలుసు. దూరం, వచ్చే బేరం దగ్గరదగ్గరగా ఉంటే చాలు. ప్రతి జంటకీ ఒక నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే జంటలో ముందు రాసిన ఊరికి ఆటో వెళ్తుంది, బొరుసు పడితే రెండో ఊరికి. మిగిలిన ఊరికి వెళ్ళదు. నాణెం ఎందుకంటే, మీరు ఎంచుకుంటే పెళ్ళిళ్ళు ఎక్కువున్న ఊరికే ఆటో పంపుతారు. మళ్ళీ అదే సీజను వెనక తలుపు నుంచి లోపలికి వస్తుంది.

మొదటి నాలుగు వారాలు ఎక్కడికీ ఆటో పంపకుండా, ప్రతి బిల్లు మీద ఏ ఊరో రాయించండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పిన్ కోడ్ గడి ఉంటే అది చాలు. తర్వాతి నాలుగు వారాలు నాణెం చెప్పిన ఊళ్ళకి మాత్రమే ఆటో. లెక్క ఎలా తీయాలో ఊహించిన అంకెలతో చూపిస్తాను. ఆటో వెళ్ళిన నాలుగు ఊళ్ళ అమ్మకం ముందు 1.60 లక్షలు, తర్వాత 1.90. వెళ్ళని నాలుగు ఊళ్ళది ముందు 1.50, తర్వాత 1.65 అనుకోండి. ఆటో వెళ్ళిన చోట 30 వేలు పెరిగింది. కానీ వెళ్ళని చోట కూడా 15 వేలు పెరిగింది, అది ఆ నెలల్లో వచ్చిన ముహూర్తాల వల్లో, జీతాల వల్లో. ప్రకటన ఖాతాలో వేయాల్సింది తేడా మాత్రమే, 15 వేలు. ఆటోలకి 6 వేలు అయితే రూపాయికి రెండున్నర రూపాయల అమ్మకం. నూటికి 20 మిగులు లెక్కన 3 వేలు వచ్చింది, 6 వేలు పోయింది. ముందూ తర్వాతా మాత్రమే చూసి ఉంటే 30 వేలు అనుకుని, మిగులు 6 వేలు, ఖర్చు 6 వేలు, ఫరవాలేదు అనేసేవారు.

నాలుగు జంటలకి ఒక్క విడత చాలదు. ఒక్క ఊళ్ళో ఒక పెద్ద పెళ్ళి బేరం వచ్చినా అంకె తారుమారవుతుంది. తర్వాత నాలుగు వారాలు ఊళ్ళు మార్చి, ఆటో వెళ్ళనివాటికి పంపి మళ్ళీ చూడండి. రెండు విడతల్లోనూ తేడా ఒకే వైపు, ఇంచుమించు ఒకే పరిమాణంలో వస్తే నమ్మవచ్చు. ఒకసారి 15 వేలు పైకి, ఇంకోసారి 10 వేలు కిందికి వస్తే అది ఊరి ఊగిసలాటే, ప్రకటన కాదు. ఇంకొకటి, ఈ రోజు విన్నవాళ్ళు రేపే రారు. ఆటో ఆగాక ఒక వారం బిల్లులని కూడా ఆ విడతలోనే కలపండి. పక్క ఊరివాళ్ళు సంతకి వచ్చి మైకు వినడం కొంత ఉంటుంది, దానివల్ల అసలు ప్రభావం కన్నా కొంచెం తక్కువే కనిపిస్తుంది.

కేబుల్ టీవీకి ఈ పద్ధతి నడవదు, ఒకసారి వేస్తే అన్ని ఊళ్ళకీ వెళ్తుంది. దానికి వారాలని జంటలు చేయాలి. పక్కపక్క వారాలు రెండు తీసుకుని, నాణెం ఎగరేసి ఒక వారం వేయడం, ఒక వారం ఆపడం. ఏడాదిలో ఇరవై జంటలైనా ఉంటే గానీ అర్థమయ్యే తేడా కనిపించదు. కాబట్టి ముందు ఆటోలతో మొదలుపెట్టండి, అదీ ముహూర్తాలు లేని మామూలు నెలల్లో. అప్పుడు ఖర్చు తక్కువ, అమ్మకంలో ఎగుడుదిగుడులూ తక్కువ. సీజనులో మీరు ఇస్తున్న 30, 40 వేలని అప్పటిదాకా పెంచకండి, తగ్గించకండి.